వాగు గట్టుకు రాతి బుట్టలు: పెట్టెలెన్ని, రాయెంత?

2024 సెప్టెంబరు మొదటి వారం. విజయవాడ సింగ్‌నగర్ ఇళ్లలో నీళ్లు ఇంకా తీయలేదు. అటు కొండపల్లి వైపు బుడమేరు మళ్లింపు కాలువ గట్టుకు పడిన గండ్లను పూడ్చే పని రాత్రింబవళ్లు సాగుతోంది. మూడు గండ్లలో చివరిదాన్ని పూడ్చడానికి సైన్యం కూడా దిగింది. ఇనుప తీగ వలతో చేసిన పెట్టెలు నిలబెట్టి, వాటిలో రాళ్లు నింపి, ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటూ పోయారు. అప్పటిదాకా ఇంజినీర్ల నోట మాత్రమే వినిపించిన ‘గేబియన్’ అనే మాట ఆ వారంలో మామూలు పాఠకుల చెవిన కూడా పడింది.

గండి పూడ్చేటప్పుడు లెక్కలకు తీరిక ఉండదు. చేతికందిన పెట్టె, దొరికిన రాయి, ఎంత తొందరగా పడితే అంత మేలు. కానీ ఊరి పక్క వాగు ఏటా గట్టును కోసుకుంటూ పొలంలోకి వస్తుంటే, ఎండాకాలంలో తీరిగ్గా కట్టే మెట్ల గోడ సంగతి వేరు. అక్కడ పని నిలబడేదీ కూలేదీ రెండు లెక్కల మీద ఆధారపడి ఉంటుంది. ఎన్ని పెట్టెలు కావాలన్నది ఒకటి. ఎన్ని టన్నుల రాయి కావాలన్నది రెండోది. ఈ రెండూ ఒకటేననుకోవడంలోనే చాలా చోట్ల పని దారి తప్పుతుంది.

బుట్టలో రాళ్లు నింపి నీటికి అడ్డం పెట్టడం పాత విద్యే. చైనాలో దుజియాంగ్‌యాన్ దగ్గర రెండు వేల రెండు వందల ఏళ్ల కిందటే వెదురు బుట్టల్లో రాళ్లు నింపి మిన్ నదిని దారిలో పెట్టారు. ఇప్పుడు మనం చూసే ఇనుప తీగ బుట్ట ఇటలీలో 1890ల్లో, బొలోన్యా దగ్గర రేనో నది ఆనకట్ట మరమ్మతులో మొదలైంది. దాని తయారీకి మన దేశంలో ఐఎస్ 16014 అనే ప్రమాణం ఉంది. తీగను రెండు మెలికలు తిప్పి ఆరు మూలల కళ్లుగా అల్లుతారు. ఆ మెలిక వల్ల ఒకచోట తీగ తెగినా మిగతా వల ఊడిపోదు. మామూలు కోళ్ల ఫారం కంచె వలతో, వెల్డింగ్ జాలీతో సొంతంగా చేయించిన బుట్టలకు ఈ గుణం ఉండదు. వాగు పనికి వాటిని వాడకపోవడమే మంచిది.

పెట్టెలు చదునుగా మడిచి, కట్టలు కట్టి వస్తాయి. వాడుకలో ఎక్కువగా కనిపించేది 2 మీటర్ల పొడవు, 1 మీటరు వెడల్పు, 1 మీటరు ఎత్తు ఉన్న పెట్టె. 3 మీటర్లది, ఒకటిన్నర మీటర్లది, అర మీటరు ఎత్తుదీ కూడా దొరుకుతాయి. పొడవాటి పెట్టెలో మీటరుకొక అడ్డు వల ఉంటుంది. అది లేకపోతే వరద తాకిడికి రాళ్లన్నీ ఒక మూలకు జారి పెట్టె రూపం చెడుతుంది.

ఇక లెక్కలోకి. ఒక మామూలు ఊరి వాగును ఉదాహరణగా తీసుకుందాం. మలుపు బయటి అంచున 30 మీటర్ల పొడవునా గట్టు కోసుకుపోతోంది. వాగు అడుగు నుంచి గట్టు పైకి 3 మీటర్లు. వాగు వెడల్పు 20 మీటర్లు. పెద్ద వరదలో రెండున్నర మీటర్ల లోతున సెకనుకు 80 ఘనమీటర్ల నీరు పోతుంది. అడుగు ముతక ఇసుక.

గోడ ఎత్తు 3 మీటర్లని మొదలుపెడితే అక్కడే తప్పు. వరద వేళ వాగు అడుగు ఇప్పుడు కనిపించే చోట ఉండదు. ప్రవాహం ఇసుకను లేపుకుపోయి అడుగును లోతు చేస్తుంది. నీరు తగ్గాక ఇసుక మళ్లీ వచ్చి పడుతుంది కాబట్టి, ఆ లోతు ఎండాకాలంలో ఎవరికీ కనపడదు. దాన్ని అంచనా వేయడానికి మన ఇంజినీర్లు వాడే సూత్రం లేసీది. గెరాల్డ్ లేసీ బ్రిటిష్ కాలంలో మన దేశపు కాలువల మీద పనిచేసిన ఇంజినీరు. ఆయన సూత్రం ప్రకారం ఈ వాగులో కోత వరద మట్టం నుంచి సగటున 2.8 మీటర్ల లోతుకు పోతుంది. మలుపు దగ్గర దాన్ని ఒకటిన్నర రెట్లు చేయాలి. అంటే 4.2 మీటర్లు. అందులో రెండున్నర మీటర్లు ఎలాగూ నీటి లోతే. మిగిలిన 1.7 మీటర్లు అడుగు కిందికి పడే గుంత. ఇది ఇసుక, ఒండ్రు అడుగులకు చెప్పిన సూత్రం. గట్టి బంకమట్టి ఉన్నా, బండరాయి తగిలినా లెక్క మారుతుంది. అందుకే గుంత తవ్వి అడుగున ఏముందో చూడకుండా ఏ అంచనా మీదా సంతకం పెట్టకూడదు.

1.7 మీటర్ల గుంతకు రెండు జవాబులు కలిపి వాడతారు. మొదటిది, గోడను అడుగు కంటే 1 మీటరు లోతు నుంచి మొదలుపెట్టడం. దాంతో గోడ ఎత్తు 4 మీటర్లయింది. రెండోది, గోడ పాదం ముందు వాగులోకి పరిచే పలచని పెట్టెల వరుస. దీన్ని ఆప్రాన్ అంటారు. ముందు భాగంలో ఇసుక కోసుకుపోయినప్పుడు ఈ వరుస విరగకుండా కిందికి వంగి, గుంత వాలును కప్పేస్తుంది. గేబియన్‌కు కాంక్రీటు మీద ఉన్న అసలైన మేలు ఈ వంగే గుణమే. కోత లోతుకు ఒకటిన్నర రెట్లు వెడల్పు పెట్టాలన్న లెక్కన 2.6 మీటర్లు వస్తుంది. 3 మీటర్ల పెట్టె ఉంది కాబట్టి 3 మీటర్లు పెడితే సరిపోతుంది.

పొడవు సంగతి కూడా అంతే. కోత 30 మీటర్లే అయినా గోడ 30 మీటర్ల దగ్గర ఆగిపోకూడదు. రెండు చివర్లనూ కనీసం 2 మీటర్ల చొప్పున గట్టి గట్టులోకి దూర్చాలి. లేకపోతే మొదటి వరదకే నీరు చివరి పెట్టె పక్క నుంచి దారి చేసుకుని గోడ వెనక్కి పోతుంది. గోడ చెక్కుచెదరకుండా వాగు మధ్యలో ఒంటరిగా మిగిలి, గట్టు మాత్రం వెనక నుంచి కొట్టుకుపోయిన దృశ్యానికి కారణం ఎక్కువగా ఇదే. కాబట్టి గోడ పొడవు 34 మీటర్లు.

ఇప్పుడు మెట్లు. గోడ కింద వెడల్పుగా, పైకి పోయేకొద్దీ సన్నగా ఉండాలి. కింది వరుస వెడల్పు గోడ ఎత్తులో సగానికి పైగా, మూడింట రెండు వంతుల దాకా ఉండటం మామూలు. మన గోడకు కింది నుంచి వరుసగా రెండున్నర, రెండు, ఒకటిన్నర, ఒక మీటరు వెడల్పులు తీసుకుందాం. ఒక్కో వరుస మీటరు ఎత్తు. నాలుగూ కలిపితే గోడ కోత ముఖం 7 చదరపు మీటర్లు. దాన్ని 34తో గుణిస్తే 238 ఘనమీటర్లు.

ఇంతవరకూ ఎవరైనా చేస్తారు. 238ని 2తో భాగించి, 2 మీటర్ల పెట్టెలు 119 కావాలని ఆర్డరు పంపడమే పొరపాటు. రెండున్నర మీటర్ల వెడల్పు వరుసలో 2 మీటర్ల పెట్టెలు మాత్రమే వేస్తే అర మీటరు మిగిలిపోతుంది. ఒకటిన్నర మీటర్ల వరుసలోనూ అంతే. పెట్టెలను ఘనపరిమాణంతో కాకుండా వరుస వరుసకూ విడిగా, ఏ పెట్టెను అడ్డంగా వేస్తామో, ఏది నిలువుగా వేస్తామో గీసుకుని లెక్కించాలి.

అలా చేద్దాం. పెట్టె పొడవు గట్టు లోపలికి ఉండేలా వేస్తే ‘అడ్డం’ అనీ, గోడ వెంట వేస్తే ‘వెంట’ అనీ అనుకుందాం. అడ్డంగా వేసిన పెట్టె గోడ పొడవులో 1 మీటరే ఆక్రమిస్తుంది కాబట్టి వరుసకు 34 కావాలి. వెంట వేసిన 2 మీటర్ల పెట్టెలు 17 చాలు. అన్నిటికన్నా కింది వరుసలో ఒకటిన్నర మీటర్ల పెట్టెలు అడ్డంగా 34, వాటి పక్కన 2 మీటర్ల పెట్టెలు వెంట 17. రెండో వరుసలో 2 మీటర్ల పెట్టెలు అడ్డంగా 34. మూడో వరుసలో ఒకటిన్నర మీటర్లవి అడ్డంగా 34. పై వరుసలో 2 మీటర్లవి వెంట 17.

కలిపి చూస్తే ఒకటిన్నర మీటర్ల పెట్టెలు 68, రెండు మీటర్ల పెట్టెలు 68. మొదటివాటి పరిమాణం 102 ఘనమీటర్లు, రెండోవాటిది 136. మొత్తం 238. గోడ గీతలతో వచ్చిన అంకెతో ఇది సరిపోయింది కాబట్టి లెక్కలో ఏ వరుసా జారిపోలేదు. ఈ సరిపోల్చుకోవడం తప్పనిసరి. ఆప్రాన్‌కు 3 మీటర్ల పొడవు, అర మీటరు ఎత్తు పెట్టెలు 30 మీటర్ల మేర అడ్డంగా 30 పడతాయి. పరిమాణం 45 ఘనమీటర్లు. అన్నీ కలిపి 166 పెట్టెలు, 283 ఘనమీటర్లు. మోసేటప్పుడు వంగిపోయినవీ మూలల్లో కోసి అతకాల్సి వచ్చేవీ ఉంటాయి కాబట్టి ప్రతి రకంలో రెండు మూడు ఎక్కువ తెప్పించుకోవాలి. కుట్టు తీగ వేరుగా రాయకపోతే రాదు. పెట్టెల కట్టలు దిగాక తీగ లేదని పని ఆగిన చోట్లు తక్కువేమీ కాదు.

ఒకటిన్నర మీటర్ల పెట్టె దొరకదని సరఫరాదారు అంటే ఏం చేయాలి? వరుసల వెడల్పులను మూడు, రెండు, రెండు, ఒక మీటరుగా మార్చుకోవచ్చు. అప్పుడు కోత ముఖం 8 చదరపు మీటర్లు, గోడ 272 ఘనమీటర్లు. అంటే 34 ఘనమీటర్లు, దాదాపు 58 టన్నుల రాయి అదనం. గోడ బలంగానే ఉంటుంది, ఖర్చు మాత్రం పెరుగుతుంది. క్వారీ దగ్గరుంటే ఇది పెద్ద భారం కాదు. ముప్పై కిలోమీటర్లు పోయి రాయి తేవాల్సి ఉంటే సరైన పెట్టె కోసం పది రోజులు ఆగడమే లాభం.

పెట్టెల అమరికలో మరో జాగ్రత్త ఉంది. ఒక వరుస కీలు మీదే పై వరుస కీలు పడకూడదు. ఇటుక గోడలో లాగే కీళ్లు తప్పించి వేయాలి. అడ్డంగా వేసిన వరుసల్లో ప్రతి మీటరుకూ కీలు వస్తుంది కాబట్టి పై వరుసను అర మీటరు జరపాలి. చివర్లు ఎలాగూ గట్టు లోపలే ఉంటాయి కాబట్టి అక్కడ అర మీటరు ముందుకో వెనక్కో పోయినా నష్టం లేదు. చివర్లను గట్టులోకి దూర్చడం వల్ల వచ్చే రెండో ప్రయోజనం ఇది.

మెట్లు ఎటువైపు ఉండాలి? వాగు వైపా, మట్టి వైపా? చూడటానికి చిన్న ప్రశ్న. అవే పెట్టెలు, అదే రాయి. కానీ గోడ నిలకడలో తేడా చాలా పెద్దది.

4 మీటర్ల ఎత్తు మట్టి గోడను ముందుకు తోస్తుంది. ఘనమీటరు మట్టి 1.8 టన్నులనీ, దాని బరువులో మూడో వంతు పక్కకు తోపుగా మారుతుందనీ తీసుకుంటే, గోడ మీటరు పొడవు మీద పడే తోపు 4.8 టన్నులు. గోడ బరువు మీటరుకు 12 టన్నులు. అడుగున రాపిడి అందులో సుమారు 0.58 వంతు, అంటే 7 టన్నుల దాకా ఆపుతుంది. 7ను 4.8తో భాగిస్తే 1.45. జారకుండా ఉండాలంటే ఇది కనీసం 1.5 ఉండాలన్నది ఇంజినీర్ల నియమం. మెట్లు వాగు వైపు ఉంటే గోడ ఈ పరీక్షలో కాస్తలో తప్పింది. ముందు మీటరు మట్టి పాతుకుని ఉంది కదా, అదీ ఆపుతుందిగా అనవచ్చు. వరదలో మొదట కొట్టుకుపోయేది ఆ మట్టే కాబట్టి దాన్ని నమ్ముకోకూడదు.

ఇప్పుడు అదే గోడను తిప్పుదాం. వాగు వైపు ముఖం నిటారుగా, మెట్లు మట్టి వైపు. ఒక్కో మెట్టు మీద మట్టి కూర్చుంటుంది. ఆ మట్టి పరిమాణం మీటరు పొడవుకు 3 ఘనమీటర్లు, బరువు 5.4 టన్నులు. అది గోడను తోయడం మాని గోడను అదిమి పట్టుకుంటుంది. ఇప్పుడు అడుగు మీద మొత్తం బరువు 17.4 టన్నులు, రాపిడి 10 టన్నులు, నిష్పత్తి 2.1. ఒక్క రాయి కూడా అదనంగా కొనకుండా వచ్చిన బలం ఇది.

దీనికి ధర లేకపోలేదు. మెట్లు లోపలికి ఉండాలంటే గట్టును వెనక్కి ఎక్కువగా తవ్వాలి, తర్వాత మట్టి నింపి పొరపొరగా దిమ్మిస కొట్టాలి. గట్టు అంచునే ఇల్లో తాటిచెట్లో ఉంటే అది కుదరదు. అప్పుడు మెట్లు వాగు వైపే వేసి, కింది వరుస వెడల్పు పెంచుకోవాలి. జనం వాగులోకి దిగే రేవు దగ్గరా వాగు వైపు మెట్లే నయం. కొట్టుకొచ్చే మొద్దులు మెట్లకు తగులుకుని వలను చీల్చే ప్రమాదం మాత్రం ఉంటుంది. పైన చేసింది జారుడు పరీక్ష ఒక్కటే. గోడ ముందుకు ఒరగకుండా, అడుగు నేల కుంగకుండా ఉందో లేదో వేరుగా చూడాలి. వరద తగ్గుతున్నప్పుడు తడిసిన మట్టి ఇంకా బరువెక్కుతుంది, నీటిలో మునిగిన రాయి మూడో వంతుకు పైగా బరువు కోల్పోతుంది. కాబట్టి ఆ స్థితిలోనూ లెక్క వేయాలి. గట్టు మీద బండ్ల బాట ఉంటే ఆ బరువు కూడా కలపాలి.

పెట్టెల సంగతి తేలింది. రాయి లెక్క ఇంతకన్నా మోసకారి.

283 ఘనమీటర్ల పెట్టెలకు 283 ఘనమీటర్ల రాయి అని రాసుకుంటారు. ఈ రెండు ఘనమీటర్లూ ఒకటి కావు. పెట్టెలో రాళ్లను చేత్తో అమర్చినా మధ్యలో ఖాళీలు ఉంటాయి. బాగా పేర్చిన పెట్టెలో ఖాళీ 30 నుంచి 40 శాతం. 35 అనుకుందాం. అప్పుడు ఒక ఘనమీటరు పెట్టెలో నిజమైన రాయి 0.65 ఘనమీటరు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ విరివిగా దొరికే గ్రానైట్ ఘనమీటరు 2.65 టన్నులు తూగుతుంది. కాబట్టి పెట్టె ఘనమీటరుకు పట్టే రాయి 1.72 టన్నులు.

టిప్పర్‌లో యంత్రం పోసిన రాయి ఇంకా వదులుగా ఉంటుంది. అక్కడ ఖాళీ 43 శాతం దాకా పోతుంది, ఘనమీటరుకు ఒకటిన్నర టన్నులే ఉంటుంది. ఇప్పుడు 283 ఘనమీటర్లని టిప్పర్ కొలతతో రాయి కొన్నవాళ్లకు దక్కేది సుమారు 425 టన్నులు. కావలసింది 487 టన్నులు. లోటు 62 టన్నులు. అది 36 ఘనమీటర్ల పెట్టెలు నింపే రాయి. మన గోడ పై వరుస మొత్తం 34 ఘనమీటర్లేనని గుర్తుంచుకుంటే విషయం తేలిపోతుంది. కాగితం మీద రాయి సరిపోయింది, స్థలం దగ్గర పై వరుస మొత్తం ఖాళీ.

ఆ లోటు ఎప్పుడూ ఖాళీ పెట్టెగా కనపడదు. అదే చిక్కు. తొందరలో ఉన్న మేస్త్రీ ముందు ముఖానికి పెద్ద రాళ్లు అందంగా పేర్చి, లోపల చిన్న కంకర, మొరం, కొన్నిచోట్ల వాగు మట్టి పోసి మూత కుట్టేస్తాడు. బయటికి గోడ నిండుగా ఉంటుంది. మొదటి వరదకు మట్టి కరిగిపోతుంది, కంకర వల కళ్లలోంచి జారిపోతుంది, మూత కుంగుతుంది. అందుకే రాయిని ట్రిప్పుల్లో, ఘనమీటర్లలో కాకుండా టన్నుల్లోనే కొనాలి. క్వారీ కాటా చీటీ ప్రతి లోడుకూ తీసుకోవాలి.

487 టన్నులకు మరో 5 శాతం కలపడం మంచిది. ఏరి పారేసే చిన్న రాళ్లకూ, పగిలిపోయేవాటికీ, పెట్టె పై అంచు కంటే మూడు సెంటీమీటర్లు ఎత్తుగా నింపడానికీ అది సరిపోతుంది. రాళ్లు సర్దుకుని కొంత దిగుతాయి కాబట్టి అలా ఎత్తుగా నింపాలి. మొత్తం 511 టన్నులు. లోడుకు 16 టన్నుల చొప్పున 32 లోడ్లు. రాయి మారితే ఈ అంకె మారుతుంది. ఆదిలాబాద్ వైపు నల్లరాయి గ్రానైట్ కంటే బరువు. లాటరైట్ తేలిక, అంతకు మించి మెత్తన. పేరుకు ఘనపరిమాణం నిండినా బరువు తక్కువ కాబట్టి దానితో కట్టిన గోడ జారుడు పరీక్షలో వెనకబడుతుంది, తడికీ ఎండకీ చెదురుతుంది కూడా.

రాయి పరిమాణానికి ఒక సులువైన కొలత ఉంది. వల కన్ను 10 సెంటీమీటర్లయితే చిన్న రాయి 15, పెద్ద రాయి 25 సెంటీమీటర్లు. కన్ను కంటే చిన్నది బయటికి పోతుంది. మరీ పెద్దవైతే మీటరు పెట్టెలో వాటి మధ్య పెద్ద ఖాళీలు మిగిలి, పైన చెప్పిన 35 శాతం 40 దాటుతుంది. ఖాళీ ఒక్క శాతం పెరిగినా ఈ గోడ ఏడున్నర టన్నుల బరువు కోల్పోతుంది. సుత్తితో కొడితే ఖంగున మోగే రాయి కావాలి. బోలు శబ్దం వచ్చి పొరలుగా చిట్లేది వద్దు. ఖర్చు తగ్గుతుందని అదే వాగులో రాళ్లు ఏరి నింపడం కూడా తప్పే. అడుగును కాపాడుతున్న రాళ్లను తీసేస్తే కోత అక్కడే మొదలవుతుంది.

నింపే పద్ధతిలో మూడు సంగతులు ముఖ్యం. పెట్టెలను ముందు నిలబెట్టి, అంచులను పక్క పెట్టెలతో కుట్టు తీగతో ఒక చుట్టు, తర్వాత రెండు చుట్లు, మళ్లీ ఒకటి చొప్పున కుట్టాలి. ఆ తర్వాతే రాయి పడాలి. నింపేది ఒకేసారి కాదు, మూడో వంతు చొప్పున మూడు దఫాలుగా. మొదటి దఫా తర్వాత, రెండో దఫా తర్వాత ముందు ముఖాన్నీ వెనక ముఖాన్నీ కలిపి లోపలి నుంచి అడ్డ తీగలు బిగించాలి. అవి లేకపోతే రాయి బరువుకు ముఖం పొట్టలా ఉబ్బుతుంది. పక్క పెట్టె ఖాళీగా ఉండగా ఒక్క పెట్టెనే నిండా నింపకూడదు, మధ్య వల వంగిపోతుంది. వాగు వైపు ముఖాన రాళ్లను చేత్తో పేర్చాలి. లోపల యంత్రంతో పోసినా మనిషి దిగి సర్దాలి.

గోడ వెనక, అడుగున జియోటెక్స్‌టైల్ గుడ్డ పరవడం చాలామంది అలంకారంగా చూస్తారు. వరద తగ్గినప్పుడు మట్టిలోని నీరు రాళ్ల మధ్య నుంచి వాగులోకి దిగుతుంది. నీరు పోవడం మంచిదే, గోడ మీద నీటి తోపు మిగలదు. కానీ గుడ్డ లేకపోతే నీటితోపాటు సన్న మట్టి కూడా పోతుంది. గోడ బాగానే ఉంటుంది, వెనక పొలంలో గుంతలు పడతాయి. గుడ్డ కొలిచేటప్పుడు మెట్లను మరవకూడదు. వెనక ముఖం నిటారుగా 4 మీటర్లే అయినా, మెట్ల చదునులు మరో ఒకటిన్నర మీటరు కలుపుతాయి. గుడ్డ ఐదున్నర మీటర్లు దిగాలి, దాని మీద అడుగు వెడల్పు, అతుకుల దగ్గర ఒకదానిపై ఒకటి కప్పే మేర అదనం.

గేబియన్ అన్ని వాగులకూ మందు కాదు. కొండల్లో బండలు దొర్లించుకొచ్చే వాగుల్లో తీగ నలిగి తెగుతుంది. నదీముఖాల దగ్గర ఉప్పునీరు, పట్టణాల దిగువన పారిశ్రామిక నీరు తీగ జింకు పూతను తినేస్తాయి. అక్కడ పీవీసీ పూత ఉన్న తీగ తప్పదు. తీగ దొంగల సంగతి కూడా లెక్కలోకి తీసుకోవాల్సిందే.

కట్టాక మొదటి వానాకాలం అయిపోగానే గోడ పొడవునా ఒకసారి నడవాలి. మూత కుంగి కాలు వేస్తే ఊగితే లోపల నింపు తక్కువ. ముఖం ఉబ్బితే అడ్డ తీగలు లేవు. గోడ వెనక నేల చిల్లులు పడితే గుడ్డ లేదు లేదా చిరిగింది. ఆప్రాన్ ముందుకు వంగి ఉంటే భయపడనక్కర్లేదు, అది తన పని చేసింది. చివర్ల దగ్గర కొత్తగా కోత కనిపిస్తే మాత్రం ఆ ఎండాకాలమే గోడను గట్టులోకి ఇంకో రెండు మీటర్లు పొడిగించాలి.

ఊళ్లో ఇలాంటి పని జరుగుతుంటే అడగాల్సినవి నాలుగే ఉన్నాయి. వరుసల వారీగా పెట్టెల పట్టిక, లోడ్ల కాటా చీటీలు, పునాది గుంత తవ్విన లోతు, మూతలు కుట్టకముందు తీసిన ఫొటోలు. ప్రభుత్వ పనైతే కొలతలన్నీ ఎం.బుక్కులో ఉంటాయి. సమాచార హక్కు చట్టం కింద దాని నకలు ఎవరైనా అడిగి తీసుకోవచ్చు. చీటీల్లోని టన్నులను పెట్టెల మొత్తం ఘనమీటర్లతో భాగించి చూడండి. గ్రానైట్ గోడకు ఆ అంకె 1.6 కంటే బాగా తగ్గితే, బిల్లు చెల్లించకముందే రెండు మూతలు విప్పించి లోపల ఏముందో చూడమని అడగండి.